గుండు, నామం, గోవిందా: ఫోటో కింద రాసే రెండు ముక్కల గొడవ

ప్రశ్న: మాది తిరుపతి. పోయిన నెల మా మూడేళ్ళ బాబుకి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాం, మా తమ్ముడి ఒళ్ళో కూర్చోబెట్టి. ఆ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి "మొత్తానికి మా తమ్ముడి చేతుల్లో గుండు అయింది, నామం కూడా పడింది, గోవిందా!" అని రాశాను. వాడు రెండేళ్ళ కింద నా దగ్గర లక్షన్నర తీసుకున్నాడు, ఇంకా ఇవ్వలేదు. రాసేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తే లేదు. అప్పటినుంచి వాడు మాట్లాడట్లేదు. నాకు విడాకులై రెండేళ్ళయింది, ఇప్పుడు మళ్ళీ పెళ్ళి కుదిరింది, ఆదివారం నిశ్చితార్థం కూడా అయింది. బాబు ఆయన ఒళ్ళో కూర్చుని చొక్కా బొత్తాం లాగుతున్న ఫోటో పెడదామని ఇలా రాసుకున్నా: "ఎట్టకేలకు అసలైన మనిషి దొరికాడు. ఈయన మాత్రం బంగారం. మా బాబుకి కూడా నాన్న దొరికాడు. అంతా మా పెద్దమ్మ పుణ్యమా అని!" మొదటి సంబంధం తెచ్చింది కూడా పెద్దమ్మే. ఈసారి పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

సమాధానం: గుర్తు లేదన్నారు, నమ్ముతాను. కానీ ఆ స్టేటస్ చూసిన బంధువుల్లో మీ అప్పు సంగతి తెలిసిన ప్రతి ఒక్కరికీ అది గుర్తుంది, మీ తమ్ముడికైతే రోజూ గుర్తుంటుంది, ఎందుకంటే అప్పు ఇచ్చినవాళ్ళు మర్చిపోతారేమో గానీ తీర్చలేనివాడు మర్చిపోడు.

మన ఊరివాళ్ళకి ఈ చిక్కు కాస్త ఎక్కువే. మనకి గుండు అంటే కల్యాణకట్ట, గంధం పూసిన నున్నటి తల. నామం అంటే పొద్దున్నే పిల్లల నుదుటి మీద చూసేది. గోవిందా అంటే అలిపిరి దగ్గర నిలబడితే గంటలో వందసార్లు చెవిన పడేది. కానీ తెలుగువాళ్ళు ఇవే మాటల్ని డబ్బు పోయినప్పుడూ వాడతారు. గుండు కొట్టించాడంటే ముంచాడని. నామం పెట్టాడంటే ఎగ్గొట్టాడని, పంగనామమైతే మొత్తానికి మొత్తం ఎగ్గొట్టాడని. గోవిందా అంటే పోయినట్టే, ఇక రాదని. గుళ్ళో తల మీద పెట్టే శఠగోపానిదీ అదే గతి. కొండ మీద కనిపించే ఇన్ని మంచి మాటలు కిందికొచ్చేసరికి అప్పులు ఎగ్గొట్టే మాటలైపోయాయి. ఇక్కడ పుట్టి పెరిగాం కాబట్టి మనకి మొదటి అర్థమే ముందు తడుతుంది, అందుకే రెండోది మన కళ్ళ ముందే ఉన్నా కనిపించదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మీరు ఒక్క గుండు మాట రాసి ఊరుకుంటే మీ తమ్ముడికి ఏమీ అనిపించేది కాదు. గుండుతో పాటు నామం వచ్చినా నవ్వేసేవాడేమో. మూడోది కూడా అదే లైన్లో పడేసరికి అనుకోకుండా రాశారంటే ఎవరూ నమ్మరు, కూర్చుని ఏరి మరీ రాసినట్టుంటుంది. రెండర్థాల మాట ఒంటరిగా ఉన్నంతసేపు మామూలు మాటే, పక్కన దాని చుట్టం చేరితేనే రెండో అర్థం పైకొస్తుంది. దీనికి తోడు "తమ్ముడి చేతుల్లో గుండు అయింది" అన్నారు. గుండు చేసింది మీ తమ్ముడు కాదు కదా, కల్యాణకట్టలో క్షురకుడు చేశాడు, తమ్ముడు బాబుని ఒళ్ళో పట్టుకున్నాడంతే. పైకి కనిపించే అర్థం నిజం కానప్పుడు చదివేవాడు ఊరికే ఉండడు, నిజమయ్యే అర్థం ఏదా అని వెతుకుతాడు. పాపం, అది వెంటనే దొరికింది కూడా.

నేను చాలా ఏళ్ళు ఒక పత్రిక డెస్కులో ఫోటోల కింద వచ్చే లైన్లు దిద్దాను, అయినా నా ఇంట్లో నేనే బోల్తా పడ్డాను. మా అన్న కూతురు దీప, పద్నాలుగేళ్ళ పిల్ల, అలిపిరి నుంచి 3,550 మెట్లు మొదటిసారి ఒక్కతే ఎక్కిందని సంబరపడి, ఫోటో ఇంటి గ్రూపులో పెట్టి "మా దీప కొండెక్కింది" అని రాశాను. రెండు నిమిషాల్లో చిత్తూరు నుంచి మా అవ్వ ఫోను. "ఏందబ్బా ఆ రాతలు, ఆడపిల్లని పట్టుకుని కొండెక్కింది అంటావే!" అని. నాకు అర్థం కాలేదు, పైకి చదువు అంది, చదివాను. దీపం ఆరిపోయింది అనడం అశుభమని దీపం కొండెక్కింది అంటారు కదా, పిల్ల పేరు దీప అయ్యేసరికి నా లైను పక్కాగా అదే అయిపోయింది. నాకు కళ్ళతో చూస్తే తెలియనిది నోటితో అంటే తెలిసింది. ఆ రోజు నుంచి ఇంట్లో పేర్లున్న ఏ లైనునైనా పైకి చదవకుండా పెట్టను. దీప, జ్యోతి, శాంతి, లక్ష్మి లాంటి పేర్లు మాటలు కూడా కదా, పక్కన వచ్చే క్రియని బట్టి ఏదైనా అయిపోతాయి.

ఇక మీరు అడిగినది. "ఇది ఎవరినైనా బాధపెడుతుందా?" అని మనల్ని మనం అడుగుతాం, దానికి ఎప్పుడూ లేదనే జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ ఎవరైనాకి మొహం లేదు. అలా కాదు. ఫోటో పెట్టే రోజుకి మీ మీద మనసులో ఏదో ఒకటి పెట్టుకున్నవాళ్ళు ఎవరెవరో పేర్లు తలుచుకోండి. ముగ్గురో నలుగురో ఉంటారు, అంతకంటే ఉండరు. ఒక్కొక్కరిగా వాళ్ళ గొడవని మనసులో పెట్టుకుని, వాళ్ళ గొంతుతో, లైను మొదటినుంచి చివరిదాకా చదవండి. మీ నవ్వు మొహం వాళ్ళకి కనిపించదు. మీరు ఎంత ప్రేమగా అన్నారో వినిపించదు. వాళ్ళ దగ్గర ఉండేది ఆ అక్షరాలూ, వాళ్ళ బాధా, ఆ రెండే.

మీ కొత్త లైనుకి అలాంటివాళ్ళు ముగ్గురు ఉన్నారు: మాజీ భర్త, పెద్దమ్మ, తమ్ముడు. ఒక్కొక్క ముక్కా తీసుకుందాం.

"ఎట్టకేలకు అసలైన మనిషి దొరికాడు." ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. కానీ అసలైనది అన్నారంటే ఇంతకుముందు నకిలీది ఉందన్నమాట, ఆ నకిలీ ఎవరో మీరు చెప్పక్కర్లేదు, పెళ్ళికొచ్చి భోంచేసి వెళ్ళిన ప్రతివాళ్ళకీ తెలుసు. "మనిషి దొరికాడు" అనేది ఇంకా పదును, అంతకుముందువాడు మనిషే కాదనిపిస్తుంది. "ఈయన మాత్రం బంగారం" దగ్గర అసలు పని చేసింది బంగారం కాదు, మాత్రం. మన భాషలో మాత్రం, కూడా, ఎట్టకేలకు, మొత్తానికి, ఈసారి, ఇప్పుడైనా లాంటివి వంటలో ఇంగువ లాంటివి, చిటికెడే ఉంటాయి గానీ ఇల్లంతా వాసన. ఇవి వచ్చిన చోటల్లా వెనక ఇంకొకటి ఉంది, దాంతో పోల్చి చూడు అని చెబుతాయి. ఒక వదిన "మా పెద్దాడు మాత్రం రోజూ ఫోన్ చేస్తాడు" అని రాసిందంటే చిన్నాడి భార్య ఆ రాత్రి అన్నం తినదు. వాడి పేరు ఎక్కడుంది? ఎక్కడా లేదు, మాత్రంలో ఉంది.

అందుకని మీరు రాసినది చేతిలోకి తీసుకుని ముందు ఈ చిన్న ముక్కలన్నీ తీసేసి చదవండి. "ఈయన బంగారం." అయింది, మీ సంతోషం ఏమీ తగ్గలేదు, పోలిక పోయింది. ఒకవేళ మాత్రం తీసేస్తే లైను చప్పగా అయిపోయినట్టు అనిపించిందనుకోండి, ఆ లైను ఈయన గురించి రాసింది కాదు, ఆయన గురించి రాసింది. నాకైతే మొదటి వాక్యం విషయంలో అలాగే అనిపించింది, నేను పొరపడ్డానేమో, మీరే చూసుకోండి.

మీ మాజీ భర్త ఎలాంటివాడో మీరు రాయలేదు. కొట్టినవాడో వేధించినవాడో అయితే ఆయన మనసు కాపాడే బాధ్యత మీకేమీ లేదు. కానీ అప్పుడు కూడా నేను చెప్పేది ఒకటే, ఆ సంగతి చెప్పదలచుకుంటే చెప్పాల్సిన చోట సూటిగా చెప్పండి, నిశ్చితార్థం ఫోటో కింద డొంకతిరుగుడుగా వద్దు. డొంకతిరుగుడు మాటకి జవాబు కూడా డొంకతిరుగుడుగానే వస్తుంది, ఆయన వైపు వాళ్ళెవరో రేపు పొద్దున ఇంకో స్టేటస్ పెడతారు, అది మిమ్మల్ని అన్నదేనని మీకూ తెలుస్తుంది, కాదని వాళ్ళూ అంటారు. బాబు ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద కోర్టులో ఏదైనా నడుస్తుంటే మాత్రం, ఇలాంటి లైన్ల స్క్రీన్‌షాట్లు లాయర్ల దాకా వెళ్తాయని గుర్తుంచుకోండి. (చూశారా, నాకూ మాత్రం వచ్చేసింది. ఇక్కడ ఎవరికీ తగలదు లెండి.)

నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆగిపోయింది మూడో వాక్యం దగ్గర. "మా బాబుకి కూడా నాన్న దొరికాడు." మీరు ప్రేమతో రాశారు, తెలుస్తూనే ఉంది. కానీ బాబుకి నాన్న ఉన్నాడు. మంచివాడో చెడ్డవాడో, నెలకోసారి వచ్చి చూసేవాడో చూడనివాడో, ఉన్నాడు. ఈ వాక్యం ఆయన్ని లేనివాడిని చేస్తుంది. ఇది ఆయనకి తగిలే దెబ్బ ఒక్కటే కాదు, బాబు నాయనమ్మ అని ఒకావిడ ఉంటుంది, గొడవల్లో ఆవిడ పాత్ర ఎంతైనా, మనవడి ఫోటో ఎవరి ఫోన్లోనో చూసుకుని మురిసిపోయే మనిషి, ఆవిడ ఈ లైను చదువుతుంది. ఇంకో పదేళ్ళకి బాబు కూడా చదువుతాడు, స్క్రీన్‌షాట్లకి వయసు రాదు. పైగా ఇక్కడ మీ ఫోటో కూడా మాట్లాడుతోంది. బాబు కొత్తాయన ఒళ్ళో కూర్చుని ఉన్నాడు, బొత్తాం లాగుతున్నాడు, అది చూస్తే చాలు, చనువు ఉందని చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఫోటోనే చెప్పేసిన దాన్ని లైను ఇంకా గట్టిగా చెబితే అది చెప్పడం కాదు, చాటడం.

మా డెస్కులో ఒక అలవాటు ఉండేది. ముందు ఫోటోని చేత్తో మూసి లైను చదివేవాళ్ళం, తర్వాత లైనుని మూసి ఫోటో చూసేవాళ్ళం, చివర రెండూ కలిపి. తెలుగులో ఎవరు అనేది చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది కాబట్టి ఇది తప్పనిసరి. "వచ్చాం, వదిలించుకున్నాం, హాయిగా ఉంది" అని రాశారనుకోండి, మీరు వదిలించుకున్నది కాళ్ళనొప్పులు కావచ్చు, కానీ ఫోటోలో మీ పక్కన అత్తగారు ఉంటే అందరూ వదిలించుకున్నది ఆవిడనే అనుకుంటారు. కర్త లేని చోట చూసేవాడు ఫోటోలో ఉన్న మనిషిని తెచ్చి కూర్చోబెడతాడు. మీ ఫోటోలో ఎవరెవరు ఉన్నారో వాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఆ ఖాళీలో పెట్టి చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసే అలవాటుంటే ఇంకాస్త జాగ్రత్త, అందులో కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఒకేలా ఉంటాయి, మామగారి కాళ్ళకి పెట్టిన దండం ఎటో వెళ్ళిపోతుంది.

పెద్దమ్మ సంగతి. "పుణ్యమా అని" అనే మాట ఒకప్పుడు నిజంగా కృతజ్ఞతే అయ్యుంటుంది, ఇప్పుడు మన నోళ్ళలో సగానికి సగం ఎత్తిపొడుపే. "కరెంటోళ్ళ పుణ్యమా అని రాత్రంతా నిద్ర లేదు" అంటాం. "నీ దయవల్ల బస్సు పోయింది" అంటాం. నోటితో అన్నప్పుడు గొంతు తేడా చెప్పేస్తుంది, వెటకారమైతే చివర సాగదీస్తాం, కృతజ్ఞత అయితే సాగదీయం. రాతలో ఆ సాగదీత ఉండదు, చదివేవాళ్ళే వేసుకుంటారు. మామూలు పెద్దమ్మ అయితే మంచిగానే వేసుకునేది. కానీ మొదటి సంబంధం కూడా తనే తెచ్చిన పెద్దమ్మ, రెండేళ్ళుగా ఎవరైనా ఏమైనా అంటారేమోనని భయపడుతూనే ఉండి ఉంటుంది. "ఎట్టకేలకు అసలైన మనిషి" అని మొదలై "పెద్దమ్మ పుణ్యమా అని" అని ముగిస్తే, ఆవిడకి వినబడేది "మొదటిసారి ముంచావు, ఈసారి బతికించావు" అని. నవ్వు బొమ్మ, దండం బొమ్మ పెడితే సరిపోతుంది అనుకోకండి. వెటకారం అని ముందే అనుమానపడ్డ మనిషికి దండం బొమ్మ ఆ అనుమానాన్ని ఖాయం చేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళని ఎప్పుడూ పిలవని విధంగా రాతలో పిలిచినా ఇదే గొడవ. రోజూ "మామా" అని పిలిచేవాళ్ళు హఠాత్తుగా "మా మామగారు, మహానుభావులు" అన్నారంటే ఆయన ఆ రోజు ఏం తప్పు చేశానా అని ఆలోచిస్తాడు.

పెద్దమ్మకి నిజంగా థాంక్స్ చెప్పాలనుంటే ఆవిడ చేసిన పని పేరుపెట్టి చెప్పండి. "ఈ సంబంధం మాట్లాడింది మా పెద్దమ్మ" అంతే. పనిని చెప్పిన వాక్యాన్ని వెటకారంగా చదవడం కష్టం, పొగిడిన వాక్యాన్ని అలా చదవడం చాలా తేలిక.

ఇవన్నీ చూసుకున్నాక ఇంకొకరి చేత పైకి చదివించండి. మీకు చెల్లెలో ఆఫీసులో స్నేహితురాలో ఉంటారు కదా, వాళ్ళకి ఫోన్ ఇచ్చి, ఇది ఎందుకు రాశానంటే అని ఒక్క ముక్క కూడా ముందు చెప్పకుండా, పైకి చదవమనండి. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. చదివేటప్పుడు వాళ్ళ గొంతు ఎక్కడ మారిందో, ఎక్కడ కాస్త ఆగి మీ మొహంలోకి చూశారో అది పట్టుకోండి. అక్కడే ఉంది మీ ముల్లు. మీ కుటుంబ గొడవలు తెలిసినవాళ్ళైతేనే ఇది పని చేస్తుంది, తెలియనివాళ్ళకి మీ మొదటి స్టేటస్ కూడా ముద్దుగానే కనిపించేది. అది అయ్యాక ఆ రాత్రికి పెట్టకుండా పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చూసి పెట్టండి. నిశ్చితార్థం ఆదివారం అయిపోయింది కాబట్టి ఒక రోజు ఆలస్యమైతే వచ్చే నష్టం ఏమీ లేదు.

వాట్సాప్‌లో కొందరికి మాత్రం కనపడకుండా స్టేటస్ పెట్టుకునే వీలుంది, మీకు తెలిసే ఉంటుంది. మీ మాజీ భర్తని, ఆయన వాళ్ళని తీసేసి పెడదామని అనిపిస్తే ఆగండి. స్టేటస్ 24 గంటలకి పోతుంది గానీ మీ పిన్ని కూతురు తీసే స్క్రీన్‌షాట్ పోదు, దాచి పెట్టారన్న సంగతి కూడా దాంతోపాటే చేరుతుంది. ఎవరికైనా దాచాలనిపించే లైను ఉంటే దాచడం కంటే మార్చడం తేలిక.

నేనైతే మీ ఫోటో కింద ఇలా రాస్తాను: "ఆదివారం మా నిశ్చితార్థం అయింది. ఉంగరాలు మార్చుకున్నంతసేపూ మావాడికి ఆ బొత్తాం ఒక్కటే కావాలి. ఈ సంబంధం మాట్లాడింది మా పెద్దమ్మ, అప్పటినుంచి ఆవిడ పరుగు ఆగలేదు." చివరి ముక్క నేను ఊహించి రాశాను, పెద్దమ్మ నిజంగా ఏం చేసిందో అది పెట్టుకోండి. నాన్న అన్న మాట లేదు, ఎట్టకేలకు లేదు, మాత్రం లేదు. బొత్తాం ఉంది, అది ఫోటోలో కూడా ఉంది. అయినా మీ మాజీ భర్తకి ఆ ఫోటో చూస్తే గుచ్చుకుంటుంది, దాన్ని ఏ లైనూ ఆపలేదు, అందుకు మీరు బాధపడక్కర్లేదు కూడా. మీరు చూసుకోవాల్సింది మీ మాట గుచ్చుతోందా అనేదే. బాబు లేని ఫోటో ఇంకొకటి ఉంటే అందరికీ అది పెట్టి, ఇది ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టడం ఇంకా మేలని నా అభిప్రాయం, ఇష్టం మీది.

ఇక తమ్ముడు. ఆ స్టేటస్ ఎప్పుడో పోయింది కాబట్టి దాన్ని సరిదిద్దుతూ ఇంకో స్టేటస్ పెట్టకండి, చూడనివాళ్ళు కూడా ఏం జరిగిందని అడుగుతారు. ఫోన్ చేయండి, వీలైతే ఇంటికి వెళ్ళండి. "నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావ్" అనే మాట మాత్రం నోట రానివ్వకండి, వాడు సరిగ్గానే అర్థం చేసుకున్నాడు, ఆ అర్థం అక్కడ ఉంది, మీరు చూసుకోలేదు. "రేయ్, రాసినప్పుడు నాకు గుండే కనిపించింది, ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తోంది" అని అంటే చాలు. ఫోటోలో బాబు వాడి మెడ పట్టుకున్నాడో, ఏడ్చాడో, వాడి చొక్కా నిండా వెంట్రుకలు పడ్డాయో, అలాంటిది ఏదో ఒకటి రాసి అదే ఫోటో వాడికి ఒక్కడికే పంపండి. వాడు కరిగితే కరుగుతాడు, లేకపోతే నాలుగు రోజులు పడుతుంది. లక్షన్నర సంగతి ఆ ఫోన్లో ఎత్తకండి, వాడు ఎత్తినా "దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం" అనండి, ఆ ఇంకో రోజు ఎప్పుడో కూడా అప్పుడే చెప్పేయండి, పెళ్ళి పనులకి ముందైతే మంచిది.